పోయిన ఫోన్ గైడ్: నాలుగు పేజీల డాక్యుమెంట్‌ని ఎఫ్‌ఏక్యూగా మార్చే పద్ధతి

రాజమండ్రి దేవీచౌక్ దగ్గర మాకు బాబాయ్ వరసయ్యే ఒకాయనకి మొబైల్ షాపు ఉంది. ఫోన్ పోగొట్టుకున్నామని ఎవరు వచ్చినా ఆయన వాట్సాప్‌లో ఒక నాలుగు పేజీల పీడీఎఫ్ పంపిస్తారు. సీఈఐఆర్ పోర్టల్‌లో పోయిన ఫోన్‌ని ఎలా బ్లాక్ చేయాలో అందులో మొత్తం ఉంటుంది. రాసిన విషయాల్లో తప్పేమీ లేదు. అయినా పీడీఎఫ్ అందుకున్నవాళ్లు అరగంటకే మళ్లీ ఫోన్ చేసి, అందులో ఉన్న విషయమే అడుగుతారు.

ఆ పీడీఎఫ్‌ని ఎఫ్‌ఏక్యూగా, అంటే శీర్షికల కింద ప్రశ్న–జవాబులుగా మార్చే పని నేను తీసుకున్నాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ డాక్యుమెంట్లకి వాడే పద్ధతే దీనికీ వాడాను. ఆ పద్ధతిని ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం. మీ షాపు వారంటీ రూల్స్ అయినా, మీ యాప్ హెల్ప్ పేజీ అయినా ఇలాగే చేయొచ్చు. ఇక్కడ మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ: పోయిన ఫోన్.

ముందు పాత డాక్యుమెంట్‌ని చూద్దాం

మొదటి పేజీ మొత్తం పరిచయమే. సీఈఐఆర్ కేంద్ర టెలికాం శాఖ పెట్టిన వ్యవస్థ అని, 2023 మే నెలలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిందని, ప్రతి ఫోన్‌కీ ఐఎంఈఐ అనే 15 అంకెల నంబరు ఉంటుందని, దాన్ని తెలుసుకోవడానికి `*#06#` డయల్ చేయాలని రాసి ఉంది. అసలు విషయం రెండో పేజీలో ఉన్న ఈ పేరాలో ఉంది:

> "మొబైల్‌ను బ్లాక్ చేయుటకు వినియోగదారుడు ముందుగా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి దాని ప్రతిని పొంది, అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకొని (కొత్త సిమ్‌లో ఎస్‌ఎంఎస్ సదుపాయం 24 గంటల తర్వాత ప్రారంభమగును), గుర్తింపు పత్రం మరియు కొనుగోలు బిల్లు సిద్ధపరచుకొని ఫారమ్ నింపవలెను. సమర్పించిన పిదప రిక్వెస్ట్ ఐడీ లభించును. దీనిని భద్రపరచవలెను, ఏలననగా ఫోన్ దొరికిన పిదప అన్‌బ్లాక్ చేయుటకు ఇది అవసరము. 24 గంటలలోపు ఫోన్ బ్లాక్ అగును. బ్లాక్ అయిన ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు, అయినను పోలీసు వారి ట్రేసింగ్‌కు ఆటంకము లేదు."

ఈ పేరా ఒక మనిషి తీరిగ్గా కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదువుతాడనుకుని రాసింది. ఫోన్ పోయిన మనిషి అలా చదవడు. పక్కింటివాళ్ల ఫోన్‌లోనో, తమ్ముడి ఫోన్‌లోనో తెరుస్తాడు. అతని బుర్రలో ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు కనబడితే మూసేస్తాడు, కనబడకపోతే షాపుకి ఫోన్ చేస్తాడు.

స్టెప్ 1: రాయడానికి ముందు ప్రశ్నలు సేకరించండి

చాలామంది డాక్యుమెంట్‌ని ముందు పెట్టుకుని ప్రతి పేరాకీ ఒక ప్రశ్న తగిలిస్తారు. "సీఈఐఆర్ అనగానేమి?", "బ్లాకింగ్ విధానము ఏమి?", "కావలసిన పత్రములు ఏవి?" ఇలా తయారవుతుంది. ఇది అదే డాక్యుమెంట్, కాకపోతే పేరాల మధ్య ప్రశ్నార్థకాలు వచ్చాయి. "సీఈఐఆర్ అనగానేమి?" అని ఫోన్ పోగొట్టుకున్నవాళ్లెవరూ అడగరు. ఆ పేరే వాళ్లకి తెలీదు.

అందుకే డాక్యుమెంట్ పక్కన పెట్టి బాబాయ్ వాట్సాప్ చూశాను. పీడీఎఫ్ అందిన తర్వాత జనం ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే నోట్ చేసుకున్నాను. ఎక్కువగా వచ్చినవి ఇవి:

- "ఓటీపీ రావట్లేదండి, ఏం చేయమంటారు?"
- "ఐఎంఈఐ నంబరు అడుగుతోంది. ఫోనే లేదు కదండీ, ఎక్కడ చూడాలి?"
- "బిల్లు ఎక్కడ పెట్టామో తెలీదండి."
- "బ్లాక్ చేసేస్తే ఇంక పోలీసోళ్లు పట్టుకోలేరేమో?"
- "మా ఫోన్ దొరికిందండి, కానీ సిగ్నల్ రావట్లేదు."
- "ఫోన్‌పే డబ్బులు సేఫేనా?"

ఈ లిస్టుని పీడీఎఫ్‌తో పోలిస్తే మూడు రకాలుగా విడిపోతాయి. ఓటీపీ, పోలీసులు, దొరికిన ఫోన్ గురించిన జవాబులు పీడీఎఫ్‌లో ఉన్నాయి, కానీ కనబడవు. ఐఎంఈఐ జవాబు ఉంది, కానీ ఫోన్ పోయినవాళ్లకి పనికిరాదు: `*#06#` కొట్టాలంటే ఫోన్ చేతిలో ఉండాలి! బిల్లు పోయినవాళ్లు ఏం చేయాలి, డబ్బుల సంగతేంటి అన్న రెండు ప్రశ్నలకి అసలు జవాబే లేదు.

ఎఫ్‌ఏక్యూ పని మొదలుపెట్టగానే ఈ మూడు లిస్టులూ తయారు చేసుకోండి. మొదటి రకానికి జవాబుని బయటికి తీస్తే చాలు. రెండో రకానికి దాన్ని సరైన చోటికి జరపాలి. మూడో రకానికి కొత్తగా తెలుసుకుని రాయాలి. మీకు తెలియని చోట ఊహించి రాయొద్దు. ఎఫ్‌ఏక్యూలో రాసింది జనం చివరి మాటగా తీసుకుంటారు.

స్టెప్ 2: పేరాని ముక్కలుగా విడగొట్టండి

ఇప్పుడు మళ్లీ డాక్యుమెంట్ దగ్గరికి రండి. ఒక్కో వాక్యంలో ఎన్ని విషయాలు ఉన్నాయో విడగొట్టి నంబర్లు వేయండి. పైన చూసిన పేరా ఇలా విడిపోతుంది:

1. పోలీస్ ఫిర్యాదు కాపీ కావాలి.
2. పోయిన నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి.
3. కొత్త సిమ్‌లో ఎస్‌ఎంఎస్‌లు 24 గంటల తర్వాత మొదలవుతాయి.
4. గుర్తింపు పత్రం, కొన్న బిల్లు కావాలి.
5. ఫారమ్ పంపాక రిక్వెస్ట్ ఐడీ వస్తుంది.
6. అన్‌బ్లాక్ చేయడానికి ఆ ఐడీ కావాలి.
7. 24 గంటల్లో ఫోన్ బ్లాక్ అవుతుంది.
8. బ్లాక్ అయితే దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు.
9. అయినా పోలీసులు ట్రేస్ చేయగలరు.

మూడో ముక్కని చూడండి. పాత పేరాలో అది బ్రాకెట్లలో దాక్కుని ఉంది. కానీ "ఓటీపీ రావట్లేదండి" అనే ప్రశ్నకి జవాబు అదే. ఫారమ్‌లో ఇచ్చిన నంబరుకి ఓటీపీ వస్తేనే రిక్వెస్ట్ వెళుతుంది. పొద్దున్న సిమ్ తీసుకుని మధ్యాహ్నం ఫారమ్ నింపితే ఓటీపీ రాదు. పోర్టల్ పాడైపోయిందని, సిమ్ పనిచేయట్లేదని అనుకుని జనం అదే బటన్ పదిసార్లు నొక్కుతారు. సపోర్ట్ డాక్యుమెంట్లలో ఇలాంటి విషయాలు చాలాసార్లు బ్రాకెట్లలో, "గమనిక" కింద, ఫుట్‌నోట్లలో ఉంటాయి. ముక్కలు చేసేటప్పుడు ముందు అక్కడే వెతకండి.

ఇంకో విషయం. మూడులోనూ ఏడులోనూ "24 గంటలు" ఉంది, కానీ రెండూ వేరు. ఒకటి సిమ్ తీసుకున్నప్పటి నుంచి లెక్క, ఇంకోటి రిక్వెస్ట్ పంపినప్పటి నుంచి లెక్క. ఒకే పేరాలో రెండూ ఉంటే చదివేవాళ్లు కలిపేసుకుంటారు. కాబట్టి టైమ్ గురించి రాసే ప్రతి జవాబులో ఎప్పటి నుంచి ఎప్పటి వరకో రెండూ రాయాలి.

స్టెప్ 3: ప్రశ్నని అడిగేవాళ్ల మాటల్లో రాయండి

ప్రశ్నలో "నా", జవాబులో "మీరు" వాడండి. ప్రశ్న అడిగేది చదివేవాళ్లు, జవాబు చెప్పేది మీరు. "వినియోగదారుడు తన మొబైల్‌ను ఎట్లు బ్లాక్ చేయవలెను?" అంటే ఇద్దరిలో ఎవరూ మాట్లాడుతున్నట్టు ఉండదు.

రెండోది, ప్రశ్నలో జనం వాడే పదమే ఉండాలి. పీడీఎఫ్‌లో "ఎస్‌ఎంఎస్ సదుపాయం" అని ఉంది, జనం "ఓటీపీ" అంటారు. పేజీలో వెతికేవాళ్లు ఓటీపీ అనే కొడతారు. కాబట్టి ప్రశ్నలో ఓటీపీ ఉండాలి, ఎస్‌ఎంఎస్ అనే మాట జవాబులో వస్తే సరిపోతుంది. "పోయింది" అనే వాళ్లూ ఉంటారు, "కొట్టేశారు" అనే వాళ్లూ ఉంటారు. ఒక పదం ప్రశ్నలో, ఇంకోటి జవాబు మొదటి వాక్యంలో పెడితే ఇద్దరికీ దొరుకుతుంది.

మూడోది, ప్రశ్నలో "మరియు" వచ్చిందంటే అవి రెండు ప్రశ్నలు. "ఫోన్‌ను బ్లాక్ మరియు అన్‌బ్లాక్ చేయడం ఎలా?" అనేది డాక్యుమెంట్ రాసేవాళ్లకి ఒకే టాపిక్. అడిగేవాళ్లలో ఒకరు ఫోన్ పోయి ఏడుస్తున్నారు, ఇంకొకరు దొరికిందని సంతోషంలో ఉన్నారు. ఇద్దరూ ఒకే రోజు ఒకే మనిషి కాదు. విడదీయాల్సిందే.

స్టెప్ 4: జవాబుని మొదటి మాటలోనే చెప్పండి

తెలుగులో రాసేవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. షరతులన్నీ ముందు పేర్చుకుంటూ వెళితే అవునా కాదా అన్నది ఆఖరి పదం దాకా తెలీదు. ఉదాహరణకి:

> "సీఈఐఆర్‌లో బ్లాక్ చేసినప్పటికీ, బ్లాక్ అయిన ఫోన్ నెట్‌వర్క్‌లలో పనిచేయకపోయినా, పోలీసులు దానిని ట్రేస్ చేయడానికి ఎలాంటి ఆటంకం ఉండదు."

చదివేవాళ్లు సగంలో ఆపేస్తే "పనిచేయకపోయినా" దగ్గరే ఆగిపోతారు. దీన్ని తిప్పి రాద్దాం:

> "పట్టుకోగలరు. బ్లాక్ చేస్తే ఫోన్ వాడకం ఆగుతుంది గానీ, పోలీసులు ట్రేస్ చేయడం ఆగదు."

ముందు అవును, కాదు, అవసరం లేదు లాంటి ఒక్క మాట, ఆ తర్వాత కారణం, ఆ తర్వాత ఏమైనా షరతు ఉంటే అది. "ఎలా" అని అడిగితే మొదటి వాక్యంలో చేయాల్సిన పని ఉండాలి. జవాబు మూడు నాలుగు వాక్యాలు దాటిందంటే అందులో ఇంకో ప్రశ్న దాక్కుందేమో చూడండి.

జవాబు ఒంటరిగా నిలబడాలి. పేరాని కోసి తెచ్చినప్పుడు "ఇది", "దీనిని", "అలాగే", "పైన చెప్పినట్టు" లాంటి మాటలు వెంట వచ్చేస్తాయి. పీడీఎఫ్‌లో "దీనిని భద్రపరచవలెను" అని ఉంది కదా, ఆ "దీనిని" రిక్వెస్ట్ ఐడీ అని పక్క వాక్యం చూస్తేనే తెలుస్తుంది. ఎఫ్‌ఏక్యూలో పక్క వాక్యం ఉండదు. రాశాక ఈ మాటల కోసం ఒకసారి వెతికి, ప్రతిచోటా అసలు పేరు పెట్టండి.

స్టెప్ 5: శీర్షికలు సందర్భాన్ని బట్టి పెట్టండి

పాత పీడీఎఫ్‌లో శీర్షికలు "పరిచయం", "అర్హతలు", "పత్రములు", "విధానము", "ఇతర సమాచారము". ఇవి ఆఫీసు ఫైలు శీర్షికలు. ఫోన్ దొరికినవాళ్లు "విధానము" కింద చూడాలా, "ఇతర సమాచారము" కింద చూడాలా?

నేను ప్రతి ప్రశ్ననీ ఒక చీటీ మీద రాసి, షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకి విడివిడిగా ఇచ్చి గుంపులు చేయమన్నాను. శీర్షికలు నేను చెప్పలేదు. ఇద్దరూ పత్రాల్ని బట్టి కాకుండా టైమ్‌ని బట్టి గుంపులు చేశారు: పోయిన వెంటనే, ఫారమ్ నింపేటప్పుడు, బ్లాక్ అయ్యాక, దొరికాక. ఒకే ఒక్క చీటీ దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది. అది "ఐఎంఈఐ ఎక్కడ చూడాలి?" అన్నది. ఒకతను పోయిన వెంటనే కింద పెట్టాడు, ఇంకొకతను ఫోన్ కొన్నప్పుడే చూసి రాసుకోవాలన్నాడు. ఇద్దరి మాటా కరెక్టే, ఎందుకంటే అది నిజంగా రెండు ప్రశ్నలు. ఫోన్ చేతిలో ఉంటే `*#06#`, లేకపోతే బాక్సు. చీటీ దగ్గర తేడా వచ్చిందంటే శీర్షిక తప్పు అనుకునే ముందు ప్రశ్నని విడగొట్టి చూడండి.

"ఇతరములు" అనే శీర్షిక వద్దు. అందులో పడే ప్రశ్నలు ఎవరికీ దొరకవు. ఒక విషయం రెండు శీర్షికల కింద అవసరమైతే జవాబుని ఒకచోటే పూర్తిగా రాసి, రెండోచోట ఒక్క వాక్యం రాసి లింక్ ఇవ్వండి. రెండుచోట్లా పూర్తిగా రాస్తే రేపు రూల్ మారినప్పుడు ఒకచోట మార్చి రెండోది మర్చిపోతారు.

తయారైన ఎఫ్‌ఏక్యూ

ముఖ్యమైన ప్రశ్నలు ఇక్కడ ఇస్తున్నాను. మీ ఫోన్ పోయినా ఇవే పనికొస్తాయి.

*ఫోన్ పోయిన వెంటనే*

ఫోన్ పోయింది, ముందు ఏం చేయాలి?
ముందు సిమ్ బ్లాక్ చేయించండి. వేరే ఫోన్ నుంచి మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌కి కాల్ చేస్తే చేస్తారు. ఎవరైనా కొట్టేసి ఉంటే మీ ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్లకుండా ఇది ఆపుతుంది. తర్వాత పోలీస్ ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్, ఆ తర్వాత సీఈఐఆర్.

ఫోన్‌పే, గూగుల్ పే డబ్బులు సేఫేనా?
సిమ్ బ్లాక్ చేసినంత మాత్రాన సరిపోదు. మీ బ్యాంకుకి కాల్ చేసి యూపీఐ ఆపమని చెప్పండి. డబ్బులు పోయినట్టు కనబడితే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. సీఈఐఆర్‌కి మీ బ్యాంకు ఖాతాతో సంబంధం లేదు.

ఫోన్ చేతిలో లేదు, ఐఎంఈఐ నంబరు ఎక్కడ చూడాలి?
ఫోన్ బాక్సు మీద ఉంటుంది. చాలా బిల్లుల మీద కూడా రాసి ఉంటుంది. రెండూ లేకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మీ గూగుల్ అకౌంట్‌తో వేరే ఫోన్‌లో `Find Hub` తెరిచి డివైస్ వివరాల్లో చూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ రాసుకోండి.

*ఫారమ్ నింపేటప్పుడు*

ఓటీపీ రావట్లేదు, ఎందుకు?
డూప్లికేట్ సిమ్ తీసుకుని ఇంకా 24 గంటలు కాకపోవడం వల్ల కావచ్చు. ట్రాయ్ రూల్ ప్రకారం కొత్తగా ఇచ్చిన సిమ్‌లో ఎస్‌ఎంఎస్‌లు యాక్టివేట్ అయిన 24 గంటల తర్వాతే మొదలవుతాయి. ఆ టైమ్ దాటాక మళ్లీ ప్రయత్నించండి.

బిల్లు పోయింది, ఏం చేయాలి?
కొన్న షాపులో డూప్లికేట్ బిల్లు అడగండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే యాప్‌లో మీ ఆర్డర్ తెరిచి ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోండి.

*బ్లాక్ అయ్యాక*

ఎంతసేపట్లో బ్లాక్ అవుతుంది?
రిక్వెస్ట్ సక్సెస్‌ఫుల్‌గా వెళ్లినప్పటి నుంచి 24 గంటల్లోపు. ఫారమ్ చివర వచ్చిన రిక్వెస్ట్ ఐడీతో పోర్టల్‌లోనే స్టేటస్ చూసుకోవచ్చు.

బ్లాక్ చేస్తే పోలీసులు ఇంక పట్టుకోలేరా?
పట్టుకోగలరు. బ్లాక్ చేస్తే ఫోన్ వాడకం ఆగుతుంది గానీ, పోలీసులు ట్రేస్ చేయడం ఆగదు.

బ్లాక్ చేస్తే నా ఫోటోలు డిలీట్ అవుతాయా?
అవ్వవు. బ్లాక్ చేయడం అంటే మొబైల్ నెట్‌వర్క్ ఆపడం మాత్రమే. ఫోన్‌లో ఉన్న డేటా అలాగే ఉంటుంది. డేటా తుడిచేయాలంటే `Find Hub` నుంచి విడిగా చేయాలి. కానీ ఒకసారి తుడిచేశాక ఫోన్ ఎక్కడుందో `Find Hub`లో కనబడదు.

*ఫోన్ దొరికాక*

ఫోన్ దొరికింది కానీ సిగ్నల్ రావట్లేదు, ఎందుకు?
ఇంకా బ్లాక్‌లోనే ఉంది కాబట్టి. ముందు ఫిర్యాదు ఇచ్చిన పోలీస్ స్టేషన్‌లో ఫోన్ దొరికిందని చెప్పండి. తర్వాత పోర్టల్‌లో `Un-Block Found Mobile` తెరిచి మీ రిక్వెస్ట్ ఐడీ ఇవ్వండి.

*సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు*

ఇది దొంగ ఫోనా కాదా ఎలా తెలుస్తుంది?
ఆ ఫోన్‌లో `*#06#` డయల్ చేసి ఐఎంఈఐ చూడండి. మీ ఫోన్ నుంచి `KYM` అని, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ కొట్టి 14422కి ఎస్‌ఎంఎస్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో వస్తే కొనొద్దు.

చివరి శీర్షిక చూశారా? పాత పీడీఎఫ్‌లో మొదటి పేజీలో ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్న `*#06#` ఇక్కడికి వచ్చాక సరైన మనిషికి దొరికింది. విషయం అదే, చోటు మారింది.

ఎఫ్‌ఏక్యూలో పెట్టకూడనిది

ఫారమ్ నింపే వరుసని ప్రశ్నలుగా ముక్కలు చేయొద్దు. ఫిర్యాదు, సిమ్, 24 గంటలు ఆగడం, ఫారమ్, రిక్వెస్ట్ ఐడీ రాసుకోవడం, ఈ ఐదూ ఈ వరుసలోనే జరగాలి. ప్రశ్నలుగా విడగొడితే చదివేవాళ్లు తమకి నచ్చిన ప్రశ్న తెరుస్తారు, వరుస పోతుంది. ఫిర్యాదు కాపీ లేకుండా ఫారమ్ తెరిచి, సగంలో అప్‌లోడ్ అడిగినప్పుడు ఆగిపోతారు. కాబట్టి దాన్ని నంబర్లు వేసిన స్టెప్స్‌గా పేజీ పైనే ఉంచి, ప్రతి స్టెప్ నుంచి దానికి సంబంధించిన ప్రశ్నకి లింక్ ఇచ్చాను. మూడో స్టెప్ దగ్గర ఓటీపీ ప్రశ్న, నాలుగో స్టెప్ దగ్గర ఐఎంఈఐ, బిల్లు ప్రశ్నలు.

పంపే ముందు రెండు చెక్‌లు

మొదటిది ఏమీ జారిపోలేదని చూసుకోవడం. స్టెప్ 2లో వేసిన నంబర్లు ఇక్కడ పనికొస్తాయి. ప్రతి నంబరు పక్కన అది ఏ ప్రశ్నలోకి వెళ్లిందో రాయండి. ఎక్కడికీ వెళ్లకపోతే ఎందుకు తీసేశారో రాయండి. మన తొమ్మిదిలో మొదటి రెండూ స్టెప్స్‌లో, "ముందు ఏం చేయాలి" జవాబులో ఉన్నాయి. 3, 7, 9 వాటి ప్రశ్నల్లో ఉన్నాయి. నాలుగులో బిల్లుకి ప్రశ్న ఉంది గానీ గుర్తింపు పత్రం ఎక్కడా లేదు. దాన్ని స్టెప్స్‌లో ఫారమ్ దగ్గర కలిపాను. ఎనిమిదిలో "దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ" అన్న మాట కూడా జారిపోయింది. "వేరే సిమ్ వేస్తే పనిచేస్తుందా?" అనే కొత్త ప్రశ్నగా అది తిరిగి వచ్చింది. మొదటి పేజీలోని చరిత్ర మాత్రం కావాలనే తీసేశాను. సీఈఐఆర్ ఎప్పుడు వచ్చిందో తెలియకపోయినా ఫోన్ బ్లాక్ అవుతుంది.

రెండోది మనిషితో చెక్ చేయించడం. ఈ విషయం ఏమీ తెలియని ఒకరికి పేజీ ఇచ్చి, ప్రశ్న చదవకుండా పరిస్థితి చెప్పండి: "పాలకొల్లు బస్సులో మీ ఫోన్ పోయింది, నిన్న సిమ్ తీసుకున్నారు, ఫారమ్ ముందుకి వెళ్లట్లేదు. జవాబు ఎక్కడుంది?" వాళ్లు ముందు ఏ శీర్షిక తెరుస్తారో చూడండి. తప్పు శీర్షిక తెరిస్తే శీర్షిక పేరు మార్చాలి. శీర్షిక సరిగ్గా తెరిచి ప్రశ్న దాటి వెళ్లిపోతే ప్రశ్నలో పదం మార్చాలి. ప్రశ్న తెరిచి, చదివి, మళ్లీ మిమ్మల్ని అడిగితే జవాబు మార్చాలి. ఎక్కడ ఆగారో చూస్తే ఏది సరిచేయాలో తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో పంపాలంటే

పీడీఎఫ్‌తో ఉన్న పెద్ద ఇబ్బంది, అందులో ఫలానా చోట చూడమని లింక్ పంపడం కష్టం. పేజీగా పెడితే ప్రతి ప్రశ్నకీ ఒక `id` ఇవ్వొచ్చు:

```html
<h2 id="form">ఫారమ్ నింపేటప్పుడు</h2>
<h3 id="otp-ravatledu">ఓటీపీ రావట్లేదు, ఎందుకు?</h3>
<p>డూప్లికేట్ సిమ్ తీసుకుని ఇంకా 24 గంటలు కాకపోవడం వల్ల కావచ్చు.</p>
```

అప్పుడు పేజీ అడ్రస్ చివర `#otp-ravatledu` తగిలించి పంపితే నేరుగా ఆ ప్రశ్న దగ్గరే తెరుచుకుంటుంది. `id`ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెట్టినా పనిచేస్తుంది, కానీ లింక్ కాపీ చేస్తే ఒక్కో అక్షరం శాతం గుర్తులు, అంకెలుగా మారి చాలా పొడుగ్గా తయారవుతుంది. ప్రశ్న మాటలు తర్వాత మార్చినా `id` మాత్రం మార్చొద్దు, పాత లింకులు చెడిపోతాయి.

గూగుల్ సెర్చ్‌లో ప్రశ్నలు విడిగా కనబడాలని ఎఫ్‌ఏక్యూ కోడ్ పెట్టేవాళ్లు గుర్తుంచుకోండి: 2023 ఆగస్టులో గూగుల్ ఆ సదుపాయాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. మన షాపు పేజీకి అది రాదు. రాసేది చదివేవాళ్ల కోసమే.

బాబాయ్ షాపులో ఇప్పుడు ఎవరైనా కొత్త ప్రశ్న అడిగితే, జవాబు చెప్పడానికి ముందు అది పేజీలో ఉందా లేదా చూస్తారు. ఉంటే లింక్ పంపుతారు. లేకపోతే అడిగినవాళ్ల మాటల్లోనే నోట్ చేస్తారు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. కోటగుమ్మం దగ్గర రద్దీలో ఫోన్లు పోయినవాళ్లు షాపుకి వస్తారు, వాళ్లది ఏ ఊరో ఎవరికి తెలుసు. అందుకే లిస్టులో కొత్తగా చేరిన ప్రశ్న "మాది వేరే ఊరండి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?" అన్నది. ఫారమ్‌లో పోయిన చోటు, ఫిర్యాదు ఇచ్చిన స్టేషన్ విడివిడిగా అడుగుతారన్నంత వరకే పీడీఎఫ్‌లో ఉంది. మిగతాది స్టేషన్‌లో అడిగి తెలుసుకున్నాకే జవాబు రాస్తాం, అప్పటిదాకా ఆ ప్రశ్న పేజీలోకి ఎక్కదు.